పసుపూ నీలమూ కలిస్తే ఏ రంగు?

నాటకాలకు లైటింగు చేసేవాళ్ల దగ్గర రంగురంగుల జెలటిన్ కాగితాల కట్ట ఒకటి ఉంటుంది. అందులోంచి పసుపు కాగితం ఒకటి, ముదురు నీలం కాగితం ఒకటి తీసుకుందాం. ఒకే రకం తెల్ల లైట్లు రెండు తెచ్చి, ఒకదాని ముందు పసుపు కాగితం, రెండోదాని ముందు నీలం కాగితం బిగిద్దాం. రెండు వెలుగులూ తెల్లటి తెర మీద ఒకేచోట పడేలా తిప్పి, ఎక్కువ తక్కువలు సరిచేస్తే ఆ చోటు తెల్లగా కనిపిస్తుంది. ఆకుపచ్చ కాదు, తెలుపే.

ఇప్పుడు ఒక లైటు ఆర్పేసి, రెండు కాగితాలనూ ఒకదాని వెనక ఒకటిగా మిగిలిన లైటు ముందే పెడదాం. తెర మీద మసకగా, ముదురుగా ఆకుపచ్చ కనిపిస్తుంది. కాగితాలు మారలేదు, లైటు మారలేదు, తెర మారలేదు. మొదటిసారి రెండు కాగితాలూ పక్కపక్కన ఉన్నాయి. రెండోసారి ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. అంతే తేడా.

చిన్నప్పుడు డ్రాయింగ్ క్లాసులో నేర్చుకున్న ‘పసుపు, నీలం కలిపితే ఆకుపచ్చ’ అన్న సూత్రం ఈ రెండో పద్ధతికి మాత్రమే చెల్లుతుంది. రంగుల కలయిక ఒకటి కాదు, రెండు. ఒకటి కూడిక, రెండోది తీసివేత. వెలుగులు కలిస్తే కూడిక. పెయింట్లు, అద్దకపు రంగులు, ఇంకులు కలిస్తే తీసివేత. ఈ వ్యాసంలో పసుపు, నీలం అనే ఒక్క జంటనే పట్టుకుని, అది ఎక్కడ ఎలా కలుస్తుందో చూద్దాం. ఈ ఒక్క జంట సంగతి తేలితే మిగతా జంటలన్నీ దాని వెంటే వస్తాయి.

ముందు తీసివేత సంగతి. తెల్లటి వెలుగులో ఇంద్రధనుస్సులో కనిపించే రంగులన్నీ ఉంటాయి. లెక్క తేలికగా ఉండటానికి ఆ వెలుగును మూడు ముక్కలుగా అనుకుందాం: నీలి భాగం, ఆకుపచ్చ భాగం, ఎర్ర భాగం. ఒక్కొక్కటి వంద పాళ్లు. పసుపు కాగితం తన వైపు నుంచి కొత్త వెలుగేమీ పుట్టించదు. అది ఒక జల్లెడ. నీలి భాగాన్ని దాదాపు మొత్తం పట్టేసుకుని, మిగతా రెంటినీ వదిలేస్తుంది. నూరు పాళ్లలో నీలి భాగం 10, ఆకుపచ్చ 80, ఎరుపు 90 బయటికి వస్తాయనుకుందాం. ఆకుపచ్చ వెలుగూ ఎర్ర వెలుగూ కలిసి మన కంటికి పసుపుగా కనిపిస్తాయి. మనం పసుపు కాగితం అంటున్నది నిజానికి నీలాన్ని మింగే కాగితాన్ని.

నీలం కాగితాల్లో కాస్త ఆకుపచ్చ వైపు మొగ్గినది ఒకటి తీసుకుంటే, అది నీలి భాగంలో 70, ఆకుపచ్చలో 40, ఎరుపులో 10 పాళ్లు వదులుతుందనుకుందాం. ఈ రెండింటినీ ఒకదాని వెనక ఒకటి పెడితే, మొదటిది వదిలిన దాంట్లోంచే రెండోది తన వంతు తీసేసుకుంటుంది. నీలి భాగం పదిలో డెబ్భై శాతం, అంటే 7 పాళ్లు. ఆకుపచ్చ ఎనభైలో నలభై శాతం, అంటే 32. ఎరుపు తొంభైలో పది శాతం, అంటే 9. చివరికి తెరకు చేరినవి 7, 32, 9. ఆకుపచ్చే ఎక్కువ కాబట్టి తెర ఆకుపచ్చగా కనిపిస్తుంది.

ఆ ఆకుపచ్చ ఎక్కడిది? పసుపూ నీలమూ కలిసి తయారుచేసింది కాదు. మొదటి నుంచీ తెల్ల వెలుగులో ఉన్నదే. రెండు జల్లెడలూ కలిసి మిగతావన్నీ లాగేసుకుంటే, రెంటికీ చిక్కకుండా మిగిలిపోయింది అదొక్కటే. పైగా మొత్తం మూడువందల పాళ్లు బయల్దేరితే చేరినవి నలభై ఎనిమిది. పెయింట్లు కలిపేకొద్దీ ముదురుగా, మసకగా మారడానికి కారణం ఇదే. ప్రతి కొత్త రంగూ ఎంతో కొంత వెలుగును మింగుతుంది కానీ, ఏదీ కొత్తగా ఇవ్వదు.

పెయింటులోనూ జరిగేది ఇదే. కాకపోతే అక్కడ కాగితాలకు బదులు సన్నని రంగు పొడి రేణువులు ఉంటాయి. వెలుగు ఆ పొరలోకి దిగి, ఒక పసుపు రేణువును తాకి, పక్కకు చెదిరి, ఒక నీలి రేణువును తాకి, ఇలా ఎన్నోసార్లు తిరిగి బయటపడుతుంది. తిరిగిన ప్రతిసారీ కోత పడుతుంది. అందుకని పైన చేసిన గుణకారం పెయింటుకు అచ్చంగా సరిపోదు. రేణువులు ఎంత మింగుతాయి, ఎంత చెదరగొడతాయి అన్న రెండు విషయాలనూ లెక్కలోకి తీసుకునే సమీకరణాలను 1931లో కుబెల్కా, ముంక్ అనే ఇద్దరు ఇచ్చారు. పెయింటు షాపులో షేడు కార్డు చూపిస్తే కంప్యూటరు లెక్కగట్టి డబ్బాలో చుక్కలు వేసే పద్ధతికి పునాది ఆ సమీకరణాలే.

బొమ్మలు వేసేవాళ్లను ఎప్పుడూ వేధించే సమస్య ఒకటుంది. ఒకసారి పసుపు, నీలం కలిపితే నిగనిగలాడే ఆకుపచ్చ వస్తుంది. మరోసారి అదే పసుపుతో ఇంకో నీలం కలిపితే బురదలాంటి రంగు వస్తుంది. తప్పు చేతిది కాదు, నీలానిది. అల్ట్రామెరైన్ అనే నీలం ఊదా వైపు మొగ్గి ఉంటుంది. అంటే అది ఆకుపచ్చ భాగాన్ని కూడా గట్టిగా మింగుతుంది. దాని వదులుబాటు నీలంలో 60, ఆకుపచ్చలో 12, ఎరుపులో 8 అనుకుందాం. పై పసుపుతో గుణిస్తే 6, 10, 7 దగ్గర తేలుతుంది. మూడూ ఇంచుమించు సమానం, మూడూ తక్కువే. కాబట్టి కనిపించేది నలుపుకు దగ్గరగా ఉండే పాచి రంగు. మంచి ఆకుపచ్చ కావాలంటే ఆకుపచ్చను కాస్త వదిలే నీలం ఎంచుకోవాలి. ప్రష్యన్ బ్లూ, థాలో బ్లూ లాంటివి అలాంటివి. పసుపులో కూడా నారింజ వైపు మొగ్గే దానికంటే నిమ్మపండు పసుపు మేలు. ట్యూబు మీద పేరేముందన్నది కాదు, ఆ రంగు వెలుగులో దేన్ని వదులుతుందన్నది చూడాలి.

మన కలంకారీ వాళ్లు ఈ తీసివేతను తరతరాలుగా గుడ్డ మీద చేస్తూ వస్తున్నారు. శ్రీకాళహస్తి కలంకారీలో ఆకుపచ్చకు విడిగా ఒక రంగు ఉండదు. కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్క లాంటి వాటితో వచ్చే పసుపు మీద నీలిమందు పొర వేస్తారు. వెలుగు పై పొరలోంచి లోపలికి పోయి, కింద ఉన్న తెల్లటి నూలు మీద పడి వెనక్కి తిరిగి, మళ్లీ ఆ పొరల్లోంచే బయటికి వస్తుంది. జెలటిన్ కాగితాలు రెంటిని ఒకదాని వెనక ఒకటి పెట్టడం లాంటిదే ఇది. వెలుగు రెండుసార్లు వడపోత పడుతుంది కాబట్టి రంగు మరింత చిక్కగా ఉంటుంది.

మచిలీపట్నంతో సహా కోరమాండల్ తీరం నుంచి 17, 18 శతాబ్దాల్లో యూరప్‌కు ఎగుమతైన అద్దకపు బట్టలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో చాలా ఉన్నాయి. వాటిని చూసినవాళ్లకు ఒక వింత కనిపిస్తుంది. పువ్వులు ఎర్రగానే ఉన్నాయి, కొమ్మలు కొమ్మల్లాగే ఉన్నాయి, ఆకులు మాత్రం చాలాచోట్ల నీలంగా ఉన్నాయి. ఆ అద్దకందారులు ఆకులను నీలంగా ఊహించుకోలేదు. నీలిమందుతో అద్ది, దాని మీద పసుపు పూసి ఆకుపచ్చ తెచ్చారు. నీలిమందు వందల ఏళ్లు నిలిచింది. మొక్కల నుంచి తీసిన ఆ పసుపు వెలుగుకు, ఉతుకుకు నిలబడలేకపోయింది. నీలి భాగాన్ని మింగే జల్లెడ ఊడిపోవడంతో నీలం బయటికి వచ్చేసింది. తీసివేత కలయికకు ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం నాకు తెలియదు. ఆ ఆకుపచ్చ రెండు మింగుడుల మధ్య మిగిలిన శేషం. ఒక మింగుడు ఆగిపోతే శేషం కూడా మారిపోతుంది.

ఇక కూడిక. రెండు లైట్ల వెలుగులు తెర మీద ఒకేచోట పడినప్పుడు ఒకదాన్నుంచి ఇంకొకటి ఏమీ తీసుకోదు. పసుపు లైటు తెచ్చిన 10, 80, 90 అలాగే ఉంటాయి. నీలం లైటు తెచ్చినవి వాటికి కలుస్తాయి. ఆకుపచ్చ వైపు మొగ్గిన మొదటి నీలం కాగితంతో కలిపితే 80, 120, 100 వస్తుంది. అది తెలుపే కానీ కొద్దిగా ఆకుపచ్చ ఛాయ ఉన్న తెలుపు. దాని బదులు అల్ట్రామెరైన్‌లాంటి ముదురు నీలం కాగితం పెట్టి, ఆ లైటును ఒకటిన్నర రెట్లు పెంచి చూద్దాం. 60, 12, 8 కాస్తా 90, 18, 12 అవుతాయి. పసుపు లైటు పాళ్లు కలిపితే 100, 98, 102. మూడూ సమానమే అనుకోవచ్చు. అంటే తెలుపు.

ఏ నీలమైతే పెయింటులో బురద రంగు తెచ్చిందో, అదే నీలం లైటులో చక్కటి తెలుపు ఇచ్చింది. పెయింటులో ఆకుపచ్చ రావడానికి రెండు రంగులూ ఉమ్మడిగా వదిలేది ఏదో ఒకటి ఉండాలి. లైటులో తెలుపు రావడానికి ఒకదానిలో లేనిది ఇంకొకటి పూరించాలి. రెండు అవసరాలూ ఒకదానికొకటి ఎదురు.

ఈ తేడాను తేటగా విడదీసి చెప్పినవాడు హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్. 1852లో ఆయన కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఉండేవాడు. అప్పటిదాకా చిత్రకారుల పళ్లెంలో కనిపించిన సూత్రమే వెలుగుకూ వర్తిస్తుందని చాలామంది నమ్మారు. స్కాట్లాండ్‌లో జేమ్స్ ఫోర్బ్స్ 1849 ప్రాంతంలో సగం పసుపు, సగం నీలం పూసిన బిళ్లను బొంగరంలా తిప్పి చూశాడు. ఆకుపచ్చ రాలేదు. పసుపూ నీలమూ సరితూగినప్పుడు లేత గులాబీ ఛాయ ఉన్న బూడిద రంగు కనిపించింది. హెల్మ్‌హోల్ట్జ్ ఇంకో అడుగు ముందుకేసి పెయింట్లను పూర్తిగా పక్కన పెట్టాడు. ఇంగ్లీషు ‘వి’ అక్షరం ఆకారంలో సన్నని చీలిక చేసి, దానిలోంచి వచ్చిన వెలుగును పట్టకం గుండా పంపాడు. చీలిక రెండు గీతలదీ రెండు వర్ణమాలలు ఏర్పడి ఒకదాని మీదుగా ఒకటి ఏటవాలుగా పడ్డాయి. ప్రతి రంగూ ప్రతి ఇంకో రంగునూ ఎక్కడో ఒకచోట దాటుతుంది కాబట్టి జంటలన్నీ ఒకేసారి పరీక్షకు వచ్చాయి. పసుపు, ముదురు నీలం కలిసిన చోట తెలుపు కనిపించింది. పెయింటులో జరిగేది వెలుగులు కలవడం కాదని, వెలుగును ఒకదాని తర్వాత ఒకటి కోసేయడమని ఆయన అప్పుడే రాశాడు.

ఆ ప్రయోగంలో ఆయనకు తెలుపు ఇచ్చిన జంట అదొక్కటే. అది అసంపూర్ణమని మరుసటి ఏడాదే హెర్మన్ గ్రాస్‌మన్ అనే స్కూలు ఉపాధ్యాయుడు గణితంతో వాదించాడు. తర్వాతి రోజుల్లో ఋగ్వేదానికి జర్మన్ నిఘంటువు తయారుచేసినవాడూ ఈ గ్రాస్‌మనే. వెలుగుల కలయిక కూడికలా నడుస్తుందని, కాబట్టి తెలుపు ఇచ్చే జంటలు ఇంకా ఉండి తీరాలని ఆయన చూపించాడు. హెల్మ్‌హోల్ట్జ్ మెరుగైన పరికరంతో మళ్లీ కొలిచి, 1855లో మరికొన్ని జంటలను పట్టుకున్నాడు.

కూడిక అన్నాం కానీ, అది జరిగేది గాలిలోనా, తెర మీదా? రెండు చోట్లా కాదు. నీలి వెలుగు, పసుపు వెలుగు ఒకదాన్నొకటి దాటినా ఏదీ మారదు. దేని తరంగదైర్ఘ్యం దానిదే. పట్టకం పెట్టి చూస్తే రెండూ విడివిడిగానే ఉంటాయి. కలయిక జరిగేది మన కంటి వెనక పొరలో. అక్కడ రంగును పట్టే కోన్ కణాలు మూడు రకాలు. ఒక రకం 420 నానోమీటర్ల దగ్గర, ఇంకోటి 530 దగ్గర, మూడోది 560 దగ్గర ఎక్కువగా స్పందిస్తాయి. వచ్చిన వెలుగులో ఎన్ని తరంగదైర్ఘ్యాలున్నా మెదడుకు వెళ్లే సమాచారం ఈ మూడు స్పందనల లెక్క మాత్రమే. మూడూ సమంగా కదిలితే మనకు తెలుపు. ఆ సమం సూర్యకాంతి వల్ల వచ్చిందా, రెండే రెండు రంగుల వల్ల వచ్చిందా అన్నది కంటికి తెలియదు.

కాబట్టి పెయింట్ల కలయిక పదార్థంలో జరిగే సంగతి. చూసేవాళ్లెవరూ లేకపోయినా ఆ ఎర్ర వెలుగు, నీలి వెలుగు రంగు పొరలో ఇంకిపోయే ఉంటాయి. వెలుగుల కలయిక మాత్రం మన కంటి నిర్మాణానికి సంబంధించిన సంగతి. మనకు లేని నాలుగో రకం కణం ఉన్న పక్షికి, మన రెండు లైట్ల తెలుపు తెలుపుగా కనిపించాల్సిన పని లేదు.

పసుపు, నీలం కలిస్తే తెలుపన్నది ప్రయోగశాల విశేషంలా అనిపించవచ్చు. కానీ ఇప్పుడు మన ఇళ్లలో వెలిగే ఎల్‌ఈడీ బల్బుల్లో అత్యధికం ఇదే పని చేస్తున్నాయి. వాటి లోపలి చిప్పు తెల్లటి వెలుగు ఇవ్వదు. 450 నానోమీటర్ల దగ్గర ముదురు నీలం వెలుగు ఇస్తుంది. దాని మీద పసుపు రంగు ఫాస్ఫర్ పూత ఉంటుంది. సీరియం చేర్చిన ఇట్రియం అల్యూమినియం గార్నెట్ అనే పదార్థం అది. చిప్పు నుంచి వచ్చే నీలంలో కొంత భాగాన్ని ఆ పూత మింగి, దాన్ని పసుపు వెలుగుగా మార్చి వదులుతుంది. మిగిలిన నీలం నేరుగా బయటికి వస్తుంది. ఆ రెండూ కలిసి కంటికి తెలుపు. సెల్‌ఫోన్ వెనక టార్చి ఆపేసి ఉన్నప్పుడు లోపలికి పరకాయించి చూస్తే చిన్న పసుపు మచ్చ కనిపిస్తుంది. ఆ పూత అదే. అన్నిటికంటే కష్టమైంది నీలం చిప్పును సాధించడం. అందుకు అకాసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇక్కడ మన అమ్మమ్మలు అడగదగిన ప్రశ్న ఒకటుంది. పసుపుబారిన తెల్ల పంచెను నీలిమందు కలిపిన నీళ్లలో జాడిస్తే తెల్లబడుతుంది కదా, వెల్ల వేసే సున్నంలో కూడా నీలిమందు వేసేవాళ్లం కదా, మరి రంగు పొడులు కలిపినా పసుపు, నీలం తెలుపైనట్టే కదా? చూడటానికి అలాగే ఉంటుంది, కానీ జరిగేది తీసివేతే. పాతబడిన బట్ట నీలి భాగాన్ని కొంత మింగుతుంది. దాని నుంచి వెనక్కొచ్చేవి 70, 82, 85 అనుకుందాం. బట్టలకు వేసే నీలం పొడి అల్ట్రామెరైనే. చాలా పలుచగా పడినప్పుడు అది నీలి భాగాన్ని ముట్టకుండా ఆకుపచ్చ, ఎరుపు భాగాల్లో కొంచెం కోత పెడుతుంది. దాంతో మూడూ 70 దగ్గరికి వచ్చి సమమవుతాయి. మీటరు పెట్టి కొలిస్తే బట్ట ముందుకంటే తక్కువ వెలుగునే వెనక్కి పంపుతోంది. అయినా మన కంటికి ఆ కొద్దిపాటి మసక పట్టదు, పసుపు ఛాయ మాత్రం ఇట్టే పట్టుబడుతుంది. ఛాయ పోయింది కాబట్టి తెల్లబడిందంటాం. పొడి రెండు చిటికెలు ఎక్కువ పడితే బండారం బయటపడి, బట్ట నీలం తేలుతుంది.

ఇప్పటి సబ్బు పొడులు దీన్నే కూడికతో సాధిస్తాయి. వాటిలో ఉండే ఒక రసాయనం బట్టకు అంటుకుని, ఎండలోని కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను మింగి, నీలి వెలుగుగా వదులుతుంది. డెబ్భై దగ్గరున్న నీలి భాగానికి నిజంగానే కొత్త వెలుగు చేరి మిగతా రెంటితో సమమవుతుంది. కోత లేదు కాబట్టి బట్ట మెరుస్తుంది. అయితే ఆ మెరుపు ఎండలో కనిపించినంతగా ఎల్‌ఈడీ బల్బు కింద కనిపించదు. మామూలు ఎల్‌ఈడీ వెలుగులో అతినీలలోహితం దాదాపు ఉండదు, కాబట్టి ఆ రసాయనానికి పనీ ఉండదు.

కూడికకూ తీసివేతకూ మధ్య ఇంకో దారి ఉంది. దాన్ని చూడాలంటే మగ్గం దగ్గరికి వెళ్లాలి. ధర్మవరం పట్టుచీరల్లో డబుల్ షేడ్ రకాలు పేరున్నవి. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. పసుపు పడుగు, నీలం పేక వేసి నేశారనుకుందాం. దారాలు ఒకదాని మీద ఒకటి పూసిన పొరలు కావు, పక్కపక్కన ఉన్న చిన్న చిన్న చుక్కలు. దగ్గరగా చూస్తే రెండు రంగులూ విడివిడిగా కనిపిస్తాయి. నాలుగడుగులు వెనక్కి జరిగితే కన్ను వాటిని విడదీయలేదు. అప్పుడు కూడిక మొదలవుతుంది. కాకపోతే ప్రతి రంగుకూ సగం జాగానే దక్కింది కాబట్టి వచ్చేది మొత్తం కాదు, సగటు. మన పాత లెక్కలోని 10, 80, 90కీ, 70, 40, 10కీ సగటు చేస్తే 40, 60, 50 అవుతుంది. తెలుపుకు కావలసినంత సమంగా ఉంది, తెలుపుకు సరిపోయేంత వెలుగు మాత్రం లేదు. కాబట్టి కనిపించేది ఆకుపచ్చ ఛాయ ఉన్న బూడిద రంగు. ఫోర్బ్స్ బిళ్ల తిప్పినప్పుడు బూడిద రంగు కనిపించడానికి కూడా ఇదే కారణం. అక్కడ రంగులు పక్కపక్కన కాక ఒకదాని తర్వాత ఒకటి కంట పడ్డాయి, అంతే. ఆకుపచ్చ చీరే కావాలనుకున్న నేతగాడు పసుపు దారాన్నీ నీలం దారాన్నీ నమ్ముకోడు. అద్దకంలోనే ఒక రంగు మీద ఇంకో రంగు ఎక్కించి ఆకుపచ్చ దారం చేయించుకుంటాడు. పట్టు దారం మెరుపు వల్ల చీర మడతను బట్టి ఒకసారి పడుగు, ఒకసారి పేక ఎక్కువగా మెరుస్తాయి. ఆ మారే రంగు అందం పెయింటుకు ఎప్పటికీ రాదు.

చీరల మాట వచ్చింది కాబట్టి దుకాణంలోకి వెళ్దాం. అక్కడ కూడిక, తీసివేత రెండూ ఒకేసారి పనిచేస్తాయి. పెద్దవాళ్లు ఎర్ర చీర కొనేటప్పుడు దుకాణం గుమ్మం దాకా తెచ్చి ఎండలో విప్పి చూస్తారు. అది చాదస్తం కాదు. చవకరకం ఎల్‌ఈడీ వెలుగులో ముదురు ఎరుపు భాగం తక్కువ. నీలం, పసుపు కలిసి కంటిని ఒప్పించాయి కాబట్టి తెల్లటి గోడ తెల్లగానే కనిపిస్తుంది. కానీ ఎర్ర చీర చేసే పని నీలి, ఆకుపచ్చ భాగాలను మింగి ఎరుపును వెనక్కి పంపడం. వచ్చిన వెలుగులో ముదురు ఎరుపే లేకపోతే అది వెనక్కి పంపగలిగింది ఏముంటుంది? చీర మాసినట్టుగా, మట్టి రంగుకు దగ్గరగా కనిపిస్తుంది. రెండు బల్బుల తెలుపుల మధ్య కన్ను కనిపెట్టలేని తేడాను బట్ట కనిపెడుతుంది. బల్బు డబ్బా మీద సీఆర్‌ఐ అని ఒక అంకె వేస్తారు. వస్తువుల రంగులను ఆ వెలుగు ఎంత నమ్మకంగా చూపిస్తుందో చెప్పే కొలత అది, నూటికి ఎంత దగ్గరైతే అంత మంచిది. బట్టల దుకాణానికి తొంభై దాటినది కావాలి. అయితే ఆ అంకెను లెక్కగట్టే ఎనిమిది రంగుల్లో ముదురు ఎరుపు లేదు. దాన్ని ‘ఆర్9’ అనే పేరుతో విడిగా కొలుస్తారు. అందుకని సీఆర్‌ఐ ఎనభై ఉన్న బల్బు కింద కూడా ఎరుపు దెబ్బతినవచ్చు.

చివరగా అచ్చు, తెర. ఫోన్ తెర వెలుగునిచ్చే పరికరం కాబట్టి కూడిక మీద నడుస్తుంది. దానిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలే ఉంటాయి. పసుపు చుక్క ఉండదు. తెర మీద పసుపు కనిపిస్తే ఎర్ర చుక్క, ఆకుపచ్చ చుక్క వెలిగాయన్నమాట. తెర మీద ఒక సన్నని నీటి బొట్టు పడితే అది భూతద్దంలా పనిచేసి ఈ చుక్కలను చూపిస్తుంది. అచ్చు యంత్రంలోని ఇంకులు తీసివేత మీద నడుస్తాయి. అక్కడ ఒక్కో ఇంకు వెలుగులో ఒక్క భాగాన్నే మింగేలా ఉండాలి. నీలాన్ని మింగేది పసుపు ఇంకు, ఆకుపచ్చను మింగేది మెజెంటా, ఎరుపును మింగేది సయాన్. పసుపు మీద సయాన్ పడితే నీలం, ఎరుపు రెండూ పోయి ఆకుపచ్చ మిగులుతుంది. బడిలో చెప్పిన ఎరుపు, పసుపు, నీలం జట్టుతో అన్ని రంగులూ రాకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఎరుపు ఒక్కటే రెండు భాగాలను మింగుతుంది, నీలం కూడా అంతే. ఆ రెంటినీ కలిపితే మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. ఆ జట్టులోని ఎరుపు స్థానంలో మెజెంటాను, నీలం స్థానంలో సయాన్‌ను నేర్పితే పిల్లలకు రంగులు కలపడం సులువవుతుందని నా గట్టి అభిప్రాయం.

ఇంకులకు కూడా లోపాలున్నాయి. సయాన్ ఎరుపును మాత్రమే మింగాలి, కానీ ఆకుపచ్చనూ కొంత మింగుతుంది. మెజెంటా నీలాన్ని కొంత మింగుతుంది. మూడూ కలిస్తే నిక్కమైన నలుపు రాక, మట్టి రంగు వస్తుంది. అందుకే నాలుగో ఇంకుగా నలుపును చేర్చారు. సయాన్‌కున్న ఆ లోపం వల్లే ఫోన్‌లో మిలమిలలాడిన ఆకుపచ్చ పెళ్లి శుభలేఖ మీద మందగించి వస్తుంది. ఆపరేటరు చేయి తిరగనివాడని అనుకోవద్దు. తెర తన ఆకుపచ్చ చుక్కను నిండుగా వెలిగించి చూపిన దాన్ని, ఇంకు కాగితం మీద పడిన వెలుగును కోసి తేవాలి. కోతలో ఆకుపచ్చ కూడా కొంత పోతుంది. డిజైను మొదలుపెట్టేటప్పుడే ఫైలును CMYK మోడ్‌లో పెట్టుకుంటే ఆ మందగింపు ముందే తెర మీద కనిపిస్తుంది, ఒక నమూనా కాపీ తీసి పగటి వెలుగులో చూసుకుంటే మరీ మంచిది. ఆ మెరిసే ఆకుపచ్చే కచ్చితంగా కావాలంటే నాలుగు ఇంకులతో కుదరదు. ఆ రంగునే విడిగా ఇంకుగా కలిపి, అయిదో ప్లేటు వేసి అచ్చు వేయాలి. ఖర్చు ఆ మేరకు పెరుగుతుంది.